గ్రాఫిక్స్ కార్డు మార్చమని వచ్చిన ల్యాప్‌టాప్: ఏది ఊడుతుంది, ఏది ఊడదు

2023 జూన్‌లో ఒక ఇంజినీరింగ్ కుర్రాడు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో నేను పనిచేసే సర్వీస్ బల్ల దగ్గరికి వచ్చాడు. ఊరు ఖమ్మం, ఉండేది కూకట్‌పల్లి హాస్టల్‌లో. భుజం మీది బ్యాగు దించకుండానే అడిగాడు. "అన్నా, ఇందులో 3050 ఉంది. అది తీసేసి 3060 వేయాలి. పద్దెనిమిది వేలు తెచ్చాను. సాయంత్రానికి అవుతుందా?"

అంతకు ముందు ఇంకో షాపులో అడిగితే "కార్డు మార్చేద్దాం, అడ్వాన్స్ కట్టు" అన్నారట. ఇంట్లో వాళ్లని అడిగి డబ్బు సర్దుకుని వచ్చాడు. డబ్బు చేతులు మారకముందే నా దగ్గరికి రావడం మంచిదైంది. ఎందుకంటే అతను అడిగిన పని ఆ ల్యాప్‌టాప్‌లో జరగదు. కానీ అతని ఇబ్బంది నిజం, దానికి వేరే దారి ఉంది.

మెషిన్ 2022లో కొన్నది. రైజెన్ 5 5600హెచ్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3050 నాలుగు జీబీ, ఒకే ఒక్క 8 జీబీ డీడీఆర్4 ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, 144 హెర్ట్జ్ స్క్రీన్. ఆ ఏడాది మన దగ్గర విద్యార్థులు ఎక్కువగా కొన్న రకమే. జీటీఏ 5 ఆడుతుంటే మధ్యమధ్యలో బొమ్మ పట్టేస్తోంది, కారు మలుపు తిప్పగానే అర సెకను ఆగి దూకుతోంది. సైబర్‌పంక్ 2077 అయితే ఆడలేకపోతున్నానన్నాడు. రెంటికీ కారణం గ్రాఫిక్స్ కార్డే అని అతను తేల్చుకున్నాడు.

3060 ఎందుకు కుదరదు

డెస్క్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు అంటే స్లాట్‌లో గుచ్చే విడి వస్తువు. ల్యాప్‌టాప్‌లో "కార్డు" అన్న మాట అలవాటు కొద్దీ మిగిలిందే తప్ప అక్కడ కార్డు ఉండదు. చిప్ అడుగున వందల కొద్దీ చిన్న సీసపు గుండ్లలాంటి టంకం చుక్కలుంటాయి, వాటితో చిప్‌ని మదర్‌బోర్డు మీదే అతికిస్తారు. దీన్నే బీజీఏ అంటాం. ఒకప్పుడు కొన్ని ఖరీదైన గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ఎంఎక్స్ఎం అనే విడి బోర్డు మీద గ్రాఫిక్స్ వచ్చేది, దాన్ని ఊడదీయవచ్చు. ఇప్పుడు మామూలు దుకాణంలో దొరికే మోడళ్లలో అది కనబడదు. ప్రాసెసర్ కథా అంతే. ఇంటెల్ నాలుగో తరం దాకా, అంటే 2013-14 ప్రాంతం వరకు, సాకెట్‌లో కూర్చునే ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు ఉండేవి. నేను వాటిని చేత్తో మార్చాను. ఐదో తరం నుంచి ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లన్నీ బోర్డుకే టంకం.

"మరి చిప్ లెవెల్ వాళ్లు మారుస్తారు కదన్నా?" అని అడిగాడు. మారుస్తారు. కాలిపోయిన చిప్ తీసి, అదే నంబరు చిప్ పెడతారు. అది రిపేరు, అప్‌గ్రేడ్ కాదు. 3050 ఉన్న చోట 3060 ఎందుకు కూర్చోదో బోర్డు బొమ్మ చూపించి చెప్పాను. హీట్‌సింక్ తీస్తే గ్రాఫిక్స్ చిప్ చుట్టూ నాలుగు మెమరీ చిప్‌లు కనిపిస్తాయి. ఒక్కోటి ఒక జీబీ, ఒక్కో దానికి 32 బిట్ల దారి. నాలుగు కలిస్తే 4 జీబీ, 128 బిట్లు. 3060కి 6 జీబీ, 192 బిట్లు కావాలి, అంటే ఆరు చిప్‌లు. ఈ బోర్డు మీద నాలుగింటికే చోటుంది, గీసిన దారులూ నాలుగింటికే. చిప్ కూడా వేరు: 3050లో ఉన్నది జీఏ107, 3060లో ఉన్నది జీఏ106. దానికి కరెంటు అందించే సర్క్యూట్, వేడి లాగే గొట్టాలు, ఛార్జర్ వాట్లు, గ్రాఫిక్స్ చిప్‌ని నడిపే వీబయాస్ అనే ప్రోగ్రామ్ అన్నీ 3050 లెక్కకే చేసినవి.

ఇక్కడ ఇంకో సంగతి. ఒకే పేరున్న చిప్ రెండు ల్యాప్‌టాప్‌లలో ఒకేలా పనిచేయదు. ల్యాప్‌టాప్ ఆర్‌టీఎక్స్ 3060ని ఎన్విడియా 60 నుంచి 115 వాట్ల మధ్య ఎంతకైనా పెట్టుకునే వీలు తయారీదార్లకు ఇచ్చింది. తక్కువ వాట్ల 3060 కొన్నవాడు తర్వాత వాట్లు పెంచుకుందామంటే కుదరదు, అది వీబయాస్‌లో రాసి ఉంటుంది. ఇతని మెషిన్‌లో ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్ తెరిచి, System Information లో Maximum Graphics Power చూశాం. 75 వాట్లు. 3050కి అది తీసిపారేయాల్సిన అంకె కాదు. అంటే చిప్‌కి తిండి బాగానే అందుతోంది, పట్టేయడానికి వేరే కారణముండాలి.

మూత తీయకముందే దొరికిన కారణం

జీటీఏ 5 నడిపిస్తూ టాస్క్ మేనేజర్ పక్కన పెట్టాను. మెమరీ దగ్గర 7.4 జీబీలో 7.1 వాడకంలో ఉంది. 8 జీబీ ర్యామ్‌లో 7.4 ఎందుకు కనబడుతోందంటే, ప్రాసెసర్‌లోనే ఉండే చిన్న గ్రాఫిక్స్ అర జీబీ దాకా తన కోసం పక్కన పెట్టుకుంటుంది. బ్రౌజర్, వాయిస్ చాట్, గేమ్ కలిసి మిగిలినదంతా నింపేశాయి. నిండిపోగానే విండోస్ కొంత సరుకుని ఎస్ఎస్‌డీ మీదికి తోసి, మళ్లీ కావాల్సినప్పుడు వెనక్కి తెచ్చుకుంటుంది. ఆ రాకపోకల్లోనే బొమ్మ పట్టేస్తోంది. గ్రాఫిక్స్ చిప్ వాడకం కూడా నిలకడగా 95 శాతంలో లేదు, 50కి పడుతూ 90కి లేస్తూ ఉంది. పట్టేసిన క్షణంలో గ్రాఫిక్స్ వాడకం కింద పడితే, చిప్ పని చేయలేకపోవడం కాదు, దానికి పని అందడం లేదని అర్థం.

రెండో లోపం ఒక్కటే ర్యామ్ ఉండటం. ఒక్క ముక్క ఉంటే ఒకే ఛానెల్, అంటే ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మధ్య ఉండాల్సిన రెండు దారుల్లో ఒకటి మూసి ఉన్నట్టు. ఈ రకం ల్యాప్‌టాప్‌లలో అది రెట్టింపు దెబ్బ. వీటిలో స్క్రీన్‌ని నేరుగా గ్రాఫిక్స్ చిప్‌కి కలిపే మక్స్ స్విచ్ లేకపోతే 3050 గీసిన ప్రతి బొమ్మా నేరుగా స్క్రీన్‌కి పోదు. ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ గుండా, ర్యామ్ గుండా తిరిగి పోతుంది. కాబట్టి ర్యామ్ దారి ఇరుకైతే బొమ్మకి రెండుచోట్ల అడ్డం పడుతుంది. మక్స్ స్విచ్ అన్నది బోర్డు మీది భాగం, లేకపోతే తర్వాత పెట్టించుకోలేం.

ర్యామ్ స్లాట్ ఖాళీగా ఉందా, అసలు స్లాటే ఉందా అన్నది మూత తీయకుండా తెలుసుకోవచ్చు. టాస్క్ మేనేజర్‌లో Memory పేజీ కింద Slots used, Form factor అని రెండు వరుసలుంటాయి. Form factor దగ్గర SODIMM అని ఉంటే ఊడే ర్యామ్. Row of chips అని ఉంటే బోర్డుకి అతికించినది. పవర్‌షెల్‌లో ఈ ఒక్క వరుస కొడితే ఇంకాస్త వివరం వస్తుంది:

```
Get-CimInstance Win32_PhysicalMemory | Select-Object DeviceLocator, Capacity, Speed, FormFactor, PartNumber
```

FormFactor లో 12 వస్తే ఎస్‌ఓడిమ్, అంటే ఊడేది. అయినా ఈ రెంటినీ పూర్తిగా నమ్మను. కొన్ని మోడళ్లలో బయాస్ తప్పు చెబుతుంది, అతికించిన ర్యామ్‌ని కూడా ఒక స్లాట్‌గా లెక్కేస్తుంది. ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో బోర్డు బొమ్మ చూసి గానీ నేను ర్యామ్ తెప్పించను. ఇతనిది రెండు స్లాట్లున్న బోర్డు, ఒకటి ఖాళీ. మాన్యువల్ ప్రకారం ఎస్ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాట్ కూడా ఒకటి ఖాళీగా ఉంది.

ఇక్కడే అతనికి అసలు లెక్క చెప్పాను. "తమ్ముడూ, కార్డు మార్చలేం. ర్యామ్ వేద్దాం, ఎస్ఎస్‌డీ వేద్దాం, పేస్టు మారుద్దాం. పట్టేయడం పోతుంది. సైబర్‌పంక్ మాత్రం నీ 4 జీబీలోనే ఆడాలి." ముఖం చిన్నబుచ్చుకున్నాడు గానీ సరే అన్నాడు.

మూత తీశాక

ఇటువంటి పనిలో మొదటి పది నిమిషాలే ప్రమాదం. షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసి, మూత తెరవగానే అన్నిటికన్నా ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. షట్‌డౌన్ అయినా బోర్డు మీద కొన్ని లైన్లలో కరెంటు ఉంటుంది. ఆ స్థితిలో స్క్రూడ్రైవర్ జారితే బోర్డు పోతుంది. కింది మూత స్క్రూలు అన్నీ ఒకే పొడవు కావు. చాలా మోడళ్లలో ముందు వైపువి పొట్టివి, వెనక వైపువి పొడుగువి. పొడుగుది ముందు బిగిస్తే అరచేతులు పెట్టుకునే చోట పైకి పొడుచుకు వస్తుంది. అందుకే కాగితం మీద మూత ఆకారం గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చి పెడతాను.

ఉన్న ర్యామ్ ముక్క స్టిక్కర్ మీద `1Rx16` అని ఉంది. ముక్క మీద నాలుగే నల్ల చిప్‌లు. ఎనిమిది చిప్‌లుండేదాన్ని `1Rx8` అంటారు. రెండూ 8 జీబీయే, రెండూ 3200 వేగమే, కానీ నాలుగు చిప్‌ల దాంట్లో లోపలి బ్యాంకుల గుంపులు సగమే ఉండటం వల్ల గేముల్లో కాస్త వెనకబడుతుంది. కొత్త ముక్క `1Rx8` తెప్పించాను. పాతదానితో కలిసి పనిచేస్తుంది. రెండూ కొత్తవి వేస్తే ఇంకాస్త బాగుండేది గానీ, ఆ తేడాకి ఒక విద్యార్థి చేత ఇంకో ముక్క కొనిపించాలనిపించలేదు.

ర్యామ్ కొనేటప్పుడు జరిగే పొరపాటు ఒకటి చెప్పాలి. "గేమింగ్" అని రాసి ఉన్న కొన్ని ముక్కలు పెట్టె మీద చూపించే వేగాన్ని ఎక్స్ఎంపీ అనే సెట్టింగ్ ఆన్ చేస్తేనే ఇస్తాయి. చాలా ల్యాప్‌టాప్‌ల బయాస్‌లో ఆ సెట్టింగే ఉండదు. అప్పుడు ఎక్కువ ధర పెట్టి కొన్నది 2666కి దిగిపోయి, దాంతో పాటు పాత ముక్కని కూడా కిందికి లాగుతుంది. మామూలు 1.2 వోల్టుల 3200 ముక్క చాలు. డీడీఆర్5 ముక్క డీడీఆర్4 స్లాట్‌లో దిగదు, మధ్య గాడి చోటు వేరు. బలవంతంగా నొక్కి స్లాట్ పళ్లు వంచుకుని వచ్చినవాళ్లను చూశాను.

ముక్కని ఏటవాలుగా పెట్టి, బంగారు రంగు అంచు దాదాపు కనిపించకుండా లోపలికి తోసి, కిందికి వంచితే రెండు పక్కల క్లిప్పులు టక్కుమంటాయి. బ్యాటరీ కలిపి బటన్ నొక్కాం. కీబోర్డు లైటు వెలిగింది, ఫ్యాను తిరిగింది, స్క్రీన్ మాత్రం నల్లగా ఉండిపోయింది. కుర్రాడికి టెన్షన్ మొదలైంది. ఇది మామూలే. కొత్త ర్యామ్ చూడగానే బోర్డు దాని సమయాలు కొలుచుకుంటుంది. ఇతని మెషిన్ ముప్పై, నలభై సెకన్లు తీసుకుంది. డీడీఆర్5 మెషిన్లు ఇంకా ఎక్కువసేపు తీసుకుంటాయి. ఆ మధ్యలో భయపడి పవర్ బటన్ పట్టుకుని ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది. మూడు, నాలుగు నిమిషాలైనా బొమ్మ రాకపోతే అప్పుడు అనుమానించాలి. కొత్త ముక్క తీసి పాతదొక్కటే పెట్టి చూడాలి, తర్వాత కొత్తదొక్కటే.

విండోస్ వచ్చాక సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్‌లో రెండు ఛానెళ్లు కనబడ్డాయి. `mdsched.exe` నడిపి మెమరీ పరీక్ష కూడా పూర్తి చేశాం. గేమ్ మధ్యలో నీలి స్క్రీన్ వస్తే అది ర్యామ్‌దో డ్రైవర్‌దో తర్వాత తేల్చుకోవడం కష్టం, అందుకే బల్ల మీద ఉన్నప్పుడే ఈ పరీక్ష చేస్తాను.

ఎస్ఎస్‌డీకి ఎక్కువ చెప్పాల్సింది లేదు. స్లాట్ పీసీఐఈ జెన్3 రకం, 2280 పొడవుది పడుతుంది. ఒక టీబీ ఎన్‌వీఎంఈ వేశాం. చూసుకోవాల్సింది ఒక్కటే. ఎం.2 ఆకారంలోనే సాటా రకం ఎస్ఎస్‌డీలు కూడా వస్తాయి, కొన్ని స్లాట్లు వాటిని గుర్తించవు. ఇంకో మాట, 2.5 అంగుళాల డ్రైవు పెట్టే చోటుందని మోడల్ పేరు చూసి నమ్మకండి. అదే మోడల్‌లో పెద్ద బ్యాటరీ వేసిన రకంలో ఆ చోటుని బ్యాటరీయే తినేస్తుంది. కొన్నేళ్ల క్రితం నేను ఒక కస్టమర్‌కి డ్రైవు కొనిపించి, మూత తీశాక అక్కడ బ్యాటరీ చూసి, నా డబ్బుతో వెనక్కి తీసుకున్నాను. పాత డ్రైవు తీసి కొత్తదానికి విండోస్ మార్చే పనైతే ముందుగా అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో `manage-bde -status` కొట్టి ఎన్‌క్రిప్షన్ ఉందేమో చూసి, ఉంటే రికవరీ కీ రాసి పెట్టుకోవాలి. ఇతని పాత డ్రైవు అలాగే ఉంచాం కాబట్టి ఆ అవసరం రాలేదు.

హీట్‌సింక్ తీసి పేస్టు మార్చాను. ఏడాదిన్నరలో ఎండి, అంచులకు జరిగిపోయి ఉంది. మెమరీ చిప్‌ల మీది థర్మల్ ప్యాడ్లు మెత్తగానే ఉన్నాయి, కదిలించలేదు. ప్యాడ్ మార్చాల్సి వస్తే పాతదాని మందమే వాడాలి. అర మిల్లీమీటరు మందం ఎక్కువైనా హీట్‌సింక్ చిప్ మీద సరిగా ఆనదు, పేస్టు ఎంత మంచిదైనా వేడి పెరుగుతుంది.

ఏం మారింది, ఏం మారలేదు

జీటీఏ 5, అవే సెట్టింగులు, ఊళ్లో అదే రోడ్డు మీద అదే పది నిమిషాల తిరుగుడు. సగటు 58 ఫ్రేముల నుంచి 79కి వచ్చింది. దానికన్నా నేను చూసే అంకె వేరే ఉంది. అన్నిటికన్నా నెమ్మదైన ఒక శాతం ఫ్రేములు 24 దగ్గర నుంచి 51కి లేచాయి. బొమ్మ పట్టేయడం అంటే ఆ కింది అంకె పడిపోవడమే. సగటు బాగుండి అది పడితే ఆట గుచ్చుకున్నట్టే ఉంటుంది. ప్రాసెసర్ వేడి 94 డిగ్రీల నుంచి 85కి దిగింది.

సైబర్‌పంక్‌లో మాత్రం టెక్స్చర్లు High లో పెట్టగానే మళ్లీ కుదుపులు వచ్చాయి. అప్పుడు కుర్రాడు టాస్క్ మేనేజర్ చూపించి సంబరంగా అన్నాడు. "అన్నా, జీపీయూ మెమరీ 7.7 ఉండేది, ఇప్పుడు 11.7 చూపిస్తోంది! ర్యామ్ వేస్తే గ్రాఫిక్స్ మెమరీ పెరిగినట్టే కదా?"

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతారు, దీని వల్ల చాలామంది 32 జీబీ ర్యామ్ కొంటారు. ఆ పేజీలో కింద రెండు వరుసలు విడిగా ఉంటాయి. Dedicated GPU memory అన్నది చిప్ పక్కన టంకం వేసిన అసలు మెమరీ. అది 4.0 దగ్గరే ఉంది. Shared GPU memory అన్నది అవసరమైతే ర్యామ్‌లో అప్పు తీసుకునే హద్దు. విండోస్ దాన్ని ర్యామ్‌లో సగంగా లెక్కేస్తుంది. ర్యామ్ 7.4 ఉన్నప్పుడు 3.7 ఉండేది, ఇప్పుడు 15.4 ఉంది కాబట్టి 7.7 అయింది. పైన కనిపించేది రెంటి మొత్తం. ఆ అప్పు మెమరీ చేరాలంటే పీసీఐఈ దారి గుండా ర్యామ్‌కి పోయి రావాలి, పక్కనే ఉన్న మెమరీతో పోలిస్తే అది ఎన్నో రెట్లు నెమ్మది. గేమ్ నడుస్తుండగా Dedicated అంకె 4కి అంటుకుపోయి, Shared అంకె ఎక్కడం మొదలైతే, ఆ కుదుపులు గ్రాఫిక్స్ మెమరీ చాలక వచ్చేవే. ఎంత ర్యామ్ వేసినా పోవు. టెక్స్చర్లు Medium కి దించాం. Shared అంకె కదలడం ఆగింది, కుదుపులూ ఆగాయి.

అందుకే కొత్తది కొనేవాళ్లు అడిగితే గ్రాఫిక్స్ చిప్, దాని మెమరీ, దాని వాట్లు, మక్స్ స్విచ్, ప్రాసెసర్ వీటి మీదే డబ్బు పెట్టమంటాను. ర్యామ్ 8 జీబీ, ఎస్ఎస్‌డీ 512 ఉన్నా ఫర్వాలేదు, స్లాట్లుంటే చాలు. అదే ల్యాప్‌టాప్ పలుచగా ఉండి, స్పెసిఫికేషన్‌లో ఎల్‌పీడీడీఆర్5 అని గానీ ఆన్‌బోర్డ్ అని గానీ కనబడితే ర్యామ్ బోర్డుకే అతికించారని అర్థం, లెక్క తిరగబడుతుంది. అలాంటిదాంట్లో మొదటి రోజే కావాల్సినంత ర్యామ్ ఉన్నది తీసుకోవాలి. 8 జీబీ అతికించి పక్కన ఒక స్లాట్ ఇచ్చేవి కూడా ఉన్నాయి. వాటిలో స్లాట్‌లో 16 వేస్తే 24 అవుతుంది, కానీ అందులో 16 వరకే రెండు దారుల్లో నడుస్తుంది, మిగతా 8 ఒక దారిలోనే. గేములకు అదీ పనికొస్తుంది.

స్క్రీన్, వైఫై రెండూ మారతాయి గానీ షరతులున్నాయి. 60 హెర్ట్జ్ ప్యానెళ్లకు ఎక్కువగా 30 పిన్నుల కేబుల్ ఉంటుంది, 144 హెర్ట్జ్‌వి 40 పిన్నులు అడుగుతాయి. ప్యానెల్ ఒక్కటే కొంటే సరిపోదు, కేబుల్, బోర్డు మీది కనెక్టర్ కూడా కుదరాలి. ఏఎండీ మెషిన్‌లో ఇంటెల్ ఏఎక్స్210 వైఫై కార్డు పనిచేస్తుంది, ఏఎక్స్211 పనిచేయదు. రెండోది ఇంటెల్ ప్రాసెసర్‌లో సగం పని చేయించుకునే రకం.

బిల్లు ఏడు వేలైంది: ర్యామ్ 1,800, ఎస్ఎస్‌డీ 4,000, పేస్టు, కూలి కలిపి 1,200. అవి ఆనాటి ధరలు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, ఇప్పుడు ఆ అంకెలతో రావద్దు.

నెల తర్వాత అతను ఫోన్ చేశాడు. మిగిలిన డబ్బులో కొంత పెట్టి హాస్టల్ సీనియర్ దగ్గర వాడిన మానిటర్ ఒకటి కొన్నాడట. హెచ్‌డీఎంఐకి తగిలించి ఆడితే అదే గేమ్ 88 ఫ్రేములు చూపిస్తోందని, ఏదైనా తప్పుందా అని అడిగాడు. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో Configure Surround, PhysX పేజీ తెరవమన్నాను. అందులో ఏ స్క్రీన్ ఏ గ్రాఫిక్స్‌కి తగిలిందో బొమ్మలో కనబడుతుంది. ల్యాప్‌టాప్ స్క్రీన్ రైజెన్ కింద ఉంది, హెచ్‌డీఎంఐ మానిటర్ నేరుగా 3050 కింద ఉంది. అతని బోర్డులో మక్స్ స్విచ్ లేకపోయినా, హెచ్‌డీఎంఐ దారిని మాత్రం తయారీదారు నేరుగా 3050 నుంచే గీశాడు.